నవంబర్ 6 నుంచి 22 వరకు: అకౌంట్స్ పని అప్పగింత

స్వప్నా,

మూడు రోజులుగా గుర్తొచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో పడేసిన మెసేజ్‌లు, వాయిస్‌లు అన్నీ ఇక్కడ ఒక చోటికి తెచ్చాను. ఇక వాటిని వెతకకు. వాటిలో రెండు తప్పులు నావే. పీఎఫ్ 20లోపు అన్నాను, కాదు, 15. తిరువూరు పార్టీ బాకీ 84,000 అన్నాను, అది చేతిలో ఉన్న చెక్కు తీసేసి చెప్పిన లెక్క. టాలీలో 1,34,000 కనిపిస్తుంది, కంగారుపడకు.

ముందు ఇది: 7వ తేదీ, శుక్రవారం

గోడౌన్ అద్దె 60,000లో అక్టోబర్‌లో పట్టిన టీడీఎస్ 6,000 కట్టాలి. చలానా తయారుచేసి పెట్టాను, సార్ నెట్ బ్యాంకింగ్‌లో కట్టడమే మిగిలింది. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. ఒక్క రోజు దాటినా అక్టోబర్, నవంబర్ రెండు నెలలకూ నెలకు ఒకటిన్నర శాతం చొప్పున వడ్డీ వేస్తారు, అంటే 180. డబ్బు పెద్దదేం కాదు గానీ సార్ ఆ 180 గురించి వచ్చే ఉగాది దాకా మాట్లాడతారు.

మిగతా తేదీలు

10: వృత్తి పన్ను. జీతం 15,000 దాటి 20,000 వరకు ఉన్నవాళ్లకు 150, ఆపైన 200. షీట్ జీతాల ఫోల్డర్‌లో ఉంది.

11: GSTR-1. నేను 90 శాతం చేసేశాను. మూడు బిల్లులు పార్టీ జీఎస్టీ నంబర్ లేకుండా పడ్డాయి, వాటిని సరిచేశాకే ఆడిటర్ గారికి పంపు. నంబర్లు బిల్ బుక్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాశాను. వైరాకు వెళ్లి వెనక్కొచ్చిన రెండు మోటార్లకు క్రెడిట్ నోట్ కూడా వేయలేదు. యాదగిరన్న సరుకు చూసి సంతకం పెడితేనే వెయ్యి.

15: పీఎఫ్, ఈఎస్ఐ. శనివారం వస్తుంది, కాబట్టి 13నే కట్టించేయి.

20: GSTR-3B. 14న 2B వస్తుంది, కొనుగోళ్లతో సరిచూడు. పైపుల కంపెనీ బిల్లు ఒకటి పోయిన నెల అందులో కనిపించలేదు, ఈసారీ లేకపోతే ఆ క్రెడిట్ తీసుకోవద్దు, వాళ్లకు ఫోన్ చెయ్యి. చివరి రోజు సైట్ నత్తనడక నడుస్తుంది, 18కే ముగించు. ఓటీపీ సార్ ఫోన్‌కే వెళ్తుంది. పదకొండు లోపు పూజలో ఉంటారు, ఫోన్ ఎత్తరు.

తిరువూరు పార్టీ

దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తప్పకుండా ఇక్కడే చిక్కుకుంటావు. తిరువూరు మనకు ఖమ్మం పక్కూరిలా అనిపించినా అది ఆంధ్ర. వాళ్ల నంబర్ 37తో మొదలవుతుంది, మనది 36. సరుకు అక్కడికి వెళ్తుంది కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ పడాలి. టాలీ లెడ్జర్‌లో రాష్ట్రం తెలంగాణ అని ఎవరో పెట్టారు (ఎవరో కాదు, నేనే), పోయిన వారం మార్చాను. అయినా ప్రతి బిల్లూ ప్రింట్ ఇచ్చే ముందు ఒకసారి చూడు.

50,000 చెక్కు మీద తేదీ 12. ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, "వేస్తున్నామండీ" అని చెప్పాకే బ్యాంకులో వెయ్యాలి. జూలైలో ఒకటి వెనక్కొచ్చింది. ఈ చెక్కు పాసయ్యే దాకా కొత్త సరుకు అప్పు మీద ఇవ్వొద్దని సార్ మాట. ఆ పార్టీ ఆయన కౌంటర్ దగ్గరికొచ్చి "లావణ్యమ్మ ఇచ్చేది కదా" అంటాడు. నేను ఇవ్వలేదు.

ఈ-వే బిల్లు

సరుకు విలువ 50,000 దాటితే బండి కదలకముందే ఉండాలి. యాదగిరన్న ఒక ఆటో ట్రాలీ నంబర్ చెప్పి ఇంకోదాంట్లో ఎక్కిస్తాడు, అది ఆయన అలవాటు. లోడ్ అయ్యాక నంబర్ ఫొటో తెప్పించుకుని, మారితే పార్ట్-బిలో మార్చు. బిల్లే తప్పయితే రద్దుకు 24 గంటలే గడువు.

రోజువారీ

హమాలీ చిట్టీలు సాయంత్రం ఏ రోజువి ఆ రోజే రాసుకో, మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. చిల్లర ఖర్చుల డబ్బాలో 5,000 లెక్కపెట్టి నీ చేతికే ఇచ్చాను. టాలీ బ్యాకప్ రోజూ నల్ల పెన్‌డ్రైవ్‌లోకి. ఎర్రదాంట్లో పాత సంవత్సరాలున్నాయి, దాన్ని ముట్టుకోకు. పాస్‌వర్డ్‌లు ఇక్కడ రాయను, నోటితో చెప్పాను కదా.

అన్నయ్య పెళ్లి 14న. 13 నుంచి 15 వరకు ఫోన్ ఎత్తలేను, ఆ మూడు రోజులు ఆడిటర్ గారి ఆఫీసుకు చెయ్యి. మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడైనా సరే. నువ్వు 14 రాత్రికి రావాలనుకుంటే 2B పని 17కి పెట్టుకో.

లావణ్య