అడుగు పప్పు

వంశీ మూడోసారి అన్నం పెట్టించుకుని చారు పోసుకుంటుంటే పెంచలయ్యకి ఊరుకోబుద్ధి కాలేదు.

"ఫాస్ట్ బౌలర్‌వంట గదా నాయనా. ఇదేనా నువ్వు తినేది?"

"మీ మెస్సులో ఇంకేముంది మామా?"

కావలిలో ఆ హాస్టల్‌కి వచ్చినప్పటి నుంచీ వాడికి ఇదే గొడవ. నాలుగు ఓవర్లు బాగా వేస్తాడు, ఐదో ఓవర్‌కి బంతి ఈడ్చుకుంటూ పోతుంది. కండ లేదు, తిండి మార్చమన్నాడు కోచ్. ఒంటి బరువు కిలోకి గ్రామున్నర చొప్పున ప్రోటీన్ పడాలట. వంశీ 60 కిలోలు. రోజుకి 90 గ్రాములు. పౌడర్ డబ్బా కొనుక్కోమని పేరు కూడా రాసిచ్చాడు. దాని ధర చూశాక, ఉదయగిరి దగ్గర కౌలుకి చేస్తున్న నాన్నకి ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు.

పెంచలయ్యకి ప్రోటీన్ లెక్క తెలీదు. పప్పు లెక్క తెలుసు.

"పొద్దున 120 మందికి 6 కిలోల కందిపప్పు పోశా. మనిషికెంత?"

"యాభై గ్రాములు."

"నీ కంచంలో ఉందా యాభై?"

కంచంలో పసుపుపచ్చ నీళ్ళున్నాయి. పెంచలయ్య వాడిని వంటింట్లోకి తీసుకెళ్ళి గుండిగలోకి గరిటె నిలువునా దించాడు. పైకొచ్చింది చిక్కగా, ముద్దలా ఉంది.

"వడ్డించే పిల్లోడు తొందరలో పైపైన తీస్తాడు. నువ్వు గ్రౌండ్ నుంచి ఆకలి మీదొచ్చి మొదట నిలబడతావు. ముందొచ్చినోడికి తేట, ఆఖరునొచ్చినోడికి పప్పు. ఓ అరగంట ఆగి రా."

అరగంట ఆగడమంటే ప్రాక్టీస్ చేసొచ్చిన వాడికి నరకమే. దానికీ దారి చూపించాడు పెంచలయ్య. "అంగట్లో శనగలు కొనుక్కో. గుప్పెడు రాత్రి నానబెట్టు. మన ఇడ్లీ స్టవ్ మీద ఉడికించి ఇస్తా, డబ్బాలో పెట్టుకుని గ్రౌండ్‌కి తీసుకుపో. ఆట అవగానే తిను." యాభై గ్రాముల శనగలంటే పది గ్రాముల ప్రోటీన్ అని వంశీ ఫోన్‌లో చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. వేయించిన వేరుశనగ యాభై గ్రాములకి పన్నెండు. సోమవారం మీల్‌మేకర్ కూరలో పిల్లలు ముక్కలు పక్కకి తోసేస్తారు కాబట్టి అడిగితే ఇంకో గరిటె ఎప్పుడూ దొరుకుతుంది. మజ్జిగ ఒద్దు, పెరుగు అడుగు అన్నాడు పెంచలయ్య. మజ్జిగలో ఏం పోస్తారో కలిపేవాడికి తెలియదా మరి!

గుడ్డు దగ్గరే చిక్కొచ్చింది. టోకెన్‌కి ఒక్కటే. ఎక్కువ ఇస్తే మేనేజర్ పెంచలయ్య జీతంలో కోస్తాడు. ఈలోగా కార్తీకమాసం వచ్చింది. పక్కగది శ్రీను నీచు ముట్టడు, కానీ నెల మొదట్లోనే గుడ్డు టోకెన్లు తీసేసుకున్నాడు.

"వాడి టోకెన్ నువ్వు తీసుకో. ఆదివారం నీ సేమ్యా పాయసం, రోజూ నీ అప్పడం వాడికి ఇచ్చెయ్" అని పెంచలయ్యే బేరం కుదిర్చాడు. శ్రీను పాయసం రెండు కప్పులు కావాలన్నాడు. ఒకటిన్నరకి దిగాడు.

తుమ్మలపెంట నుంచి వచ్చేటప్పుడు పెంచలయ్య భార్య ఎండు నెత్తళ్ళు తెచ్చేది. వంకాయలో వేసి చేసిన ఆ కూర ఓ గిన్నెడు, మేనేజర్ లేని రోజు వంశీకి అందేది. అది నోట్‌బుక్‌లోకి ఎక్కలేదు. అయినా లెక్క ఎనభై దాటింది.

వంశీ రోజూ ఆఖరున రావడం ఎవడో కనిపెట్టాడు. వారం తిరక్కుండా లైన్ తలకిందులైంది. ముందు నిలబడేవాడు లేడు, అందరూ వరండాలో ఫోన్లు చూసుకుంటూ ఒకళ్ళనొకళ్ళు ముందుకి తోసుకుంటున్నారు. మేనేజర్‌కి ఫిర్యాదు వెళ్ళింది, వంటవాడు ఒకడికే మంచిది పెడుతున్నాడని.

మేనేజర్ కేకలేస్తూ వచ్చాడు. పెంచలయ్య ఏమీ మాట్లాడకుండా ఓ కంచం తీసి, గుండిగలో పైపైన రెండు గరిటెలు తీసి వడ్డించాడు.

"మొదటి కంచం మీరే తినండి సార్."

మేనేజర్ రెండు ముద్దలు కలిపాడు. అన్నం ముద్ద కట్టలేదు.

"ఏందయ్యా ఇది, పప్పేదీ?"

"అడుగునుంది సార్. కలియబెట్టి వడ్డించడానికి ఇంకో మనిషి కావాలి. 6 కిలోలతో చిక్కగా ఉండాలంటే నీళ్ళు తగ్గించాలి, తగ్గిస్తే 120 మందికి గరిటెలు చాలవు. ఇంకో రెండు కిలోలు రాయండి."

మేనేజర్ ఒక కిలో రాశాడు. మనిషిని ఇవ్వలేదు. కలియబెట్టే పని పెంచలయ్య మీదే పడింది, రాత్రికి భుజం పట్టేసింది.

మర్నాడు వంశీ మళ్ళీ ముందే వచ్చాడు. "మామా, ఇప్పుడు అందరికీ ఒకటేగా. నాకు తగ్గుతుందేమో?"

"అన్నం ఓ గరిటె తగ్గించి, పప్పు ఓ గరిటె పెంచుకో. ట్రయల్స్ ఎప్పుడు?"

"వచ్చే నెల తొమ్మిది. నెల్లూరులో. పొద్దున్నే ఐదింటికి బస్సు."

"అక్కడేం పెడతారు?"

"అరటిపండు, బ్రెడ్డు."

"కార్తీకం అయిపోద్ది అప్పటికి" అని లెక్కేశాడు పెంచలయ్య. "శ్రీనుగాడి టోకెన్లు నాలుగు ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. తెల్లారుజామున నాలుగింటికి గుడ్లు ఉడకేసిస్తా. ఎంతకైనా సరే, పాయసం మాత్రం రెండు కప్పులు దాటనీయకు."