ఆమ్లాలు–క్షారాలు: నీ ప్లానులోని అభ్యసన ఫలితాలు, తిరగరాసినవి

అమ్మా,

తిరుపతి హైస్కూల్లో టీచింగ్ ప్రాక్టీసు కోసం నువ్వు రాసిన ప్లాను నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. మందార పువ్వుతో పాఠం మొదలుపెట్టడం చాలా బాగుంది. అభ్యసన ఫలితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాను. అయిదు వాక్యాలు రాశావు. అయిదింటిలో ఒక్కటీ రేపు క్లాసు అయ్యాక "జరిగింది" అని గాని "జరగలేదు" అని గాని చెప్పడానికి వీలున్నది కాదు. అర్థం చేసుకుంటారు, తెలుసుకుంటారు, అవగాహన పొందుతారు, పెంపొందించుకుంటారు, అభినందిస్తారు. ఇవన్నీ పిల్ల తలలో జరిగేవి. నీకు కనబడేది పిల్ల చెయ్యి, నోరు, నోటుపుస్తకం.

ఇందులో తప్పంతా నీది కాదు. ప్లాను ఫారంలోనే "విషయావగాహన", "అభినందించడం" అని గడులు ఉంటాయి. అవి విద్యా ప్రమాణాల పేర్లు, అంటే శీర్షికలు. మనం ఆ శీర్షికకే ఒక కర్తను తగిలించి వాక్యం చేసేస్తున్నాం. బీఎడ్‌లో బ్లూమ్ మెట్లు చదివావు కదా. 1956లో వచ్చిన ఆ వర్గీకరణను 2001లో సవరించినప్పుడు "అర్థం చేసుకోవడం" రెండో మెట్టు పేరయింది. మెట్టు పేరు చెబితే పిల్ల ఆ మెట్టు ఎక్కిందని ఎట్లా తెలుస్తుంది? నేను రాసేటప్పుడు చూసుకునేవి మూడే. పిల్ల ఏం చేస్తుంది, ఏ వస్తువులతో ఏ పరిస్థితిలో చేస్తుంది, ఎంతవరకు చేస్తే చాలు. 1962లో మేగర్ చెప్పిన పద్ధతి ఇదే, ఇప్పటికీ ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు.

7వ తరగతి, 36 మంది, 45 నిమిషాల పీరియడ్లు మూడు. దీన్ని పట్టుకునే రాశాను.

మొదటిది

నువ్వు రాసినది: ఆమ్లాలు, క్షారాలు అంటే ఏమిటో విద్యార్థులు అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు: పేర్లు రాయకుండా 1 నుంచి 6 వరకు అంకెలు వేసిన కప్పుల్లోని ద్రావణాలను ఎర్ర, నీలి లిట్మస్ కాగితాలతో పరీక్షించి, 10 నిమిషాల్లో ఒక్కోదాన్ని ఆమ్లం, క్షారం, తటస్థం అని వర్గీకరిస్తారు. ప్రతి జవాబు పక్కన రెండు కాగితాలూ ఏ రంగులోకి వచ్చాయో రాస్తారు. ఆరింటిలో కనీసం అయిదు సరిగా ఉండాలి.

కప్పుల్లో నిమ్మరసం, వెనిగర్, సున్నపుతేట, వంటసోడా నీళ్ళు, ఉప్పునీళ్ళు, పంచదార నీళ్ళు పెట్టు. నిమ్మరసాన్ని వాసన చూసి చెప్పేస్తారు, అందుకే రంగు రాయమన్నాను. రంగు రాయని జవాబు సరైనదే అయినా లెక్కలోకి తీసుకోకు. ఉప్పునీళ్ళు, పంచదార నీళ్ళు బోరు నీళ్ళతో కలపొద్దు. మన వైపు బోరు నీళ్ళు ఒక్కోసారి క్షారం వైపు ఉంటాయి, తటస్థం అని నువ్వనుకున్నది ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చి కూర్చుంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, ముందు రోజే నువ్వు ఒకసారి పరీక్షించి చూడు.

రెండోది

నువ్వు రాసినది: సూచికల గురించి తెలుసుకుంటారు.

ఇక్కడ ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. కిందటేడు నా ప్లానులోనూ దాదాపు ఇదే వాక్యం ఉండింది. పసుపు కాగితం సున్నపుతేటలో ముంచి ఎర్రబడటం చూపించాను. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అయింది టీచర్" అన్నారు. ముందు బెంచీలో కూర్చునే పిల్లకు నిమ్మరసం కప్పు ఇచ్చాను. కాగితం ముంచింది, పసుపు పచ్చగానే ఉంది. వేలికి అంటిన తడి గౌనుకు తుడుచుకుంటూ నమ్మకంగా చెప్పింది: "ఇది తటస్థం టీచర్, రంగు మారలేదు కదా." ఆ పిల్ల జవాబులో తర్కం ఉంది. లోపం నా బోధనలో ఉంది. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది, ఆమ్లంలోనూ తటస్థ ద్రావణంలోనూ పచ్చగానే ఉంటుంది. ఆ సంగతి నేను చెప్పలేదు, నా ఫలితం వాక్యం నన్ను అడగనూ లేదు. "తెలుసుకుంటారు" అని రాసుకుంటే అడిగే అవసరమే రాదు.

ఇప్పుడు రెండుగా విడగొట్టాను.

2ఎ. పసుపు, మందారం, లిట్మస్ మూడు సూచికలకు ఆమ్లంలో, క్షారంలో వచ్చే రంగులను పుస్తకం చూడకుండా పట్టికలో నింపుతారు. ఎర్ర, నీలి లిట్మస్‌లకు వేరే వరుసలు వేస్తే మొత్తం ఎనిమిది గడులు. కనీసం ఏడు సరిగా ఉండాలి.

2బి. పసుపు కాగితం రంగు మారని ద్రావణం ఇచ్చినప్పుడు, "పసుపుతో మాత్రమే ఇది ఆమ్లమో తటస్థమో చెప్పలేం" అని రాసి, తేల్చుకోవడానికి రెండో పరీక్షను తామే ఎంచుకుని చేసి చూపుతారు. నీలి లిట్మస్ తీసుకున్నా సరే, మందార రసం తీసుకున్నా సరే. మళ్ళీ పసుపే తీసుకుంటే రాలేదన్నట్టు.

మందార రసం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. ఈ ఆకుపచ్చ చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి నువ్వు. 2ఎ జ్ఞాపకం మాత్రమే, దానికి అయిదు నిమిషాలు చాలు. 2బి మీదే పీరియడ్ ఖర్చుపెట్టు.

మూడోది

నువ్వు రాసినది: తటస్థీకరణపై అవగాహన పొందుతారు.

ఇప్పుడు: నలుగురేసి జట్టుగా 5 మి.లీ. సున్నపుతేటలో 2 చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, గులాబీ రంగు పోయేదాకా పలచని నిమ్మరసం చుక్కలు లెక్కపెట్టి నమోదు చేస్తారు. ఆ తర్వాత 10 మి.లీ. సున్నపుతేటకు ఎన్ని చుక్కలు పట్టవచ్చో, ఎందుకో, ప్రయోగం చేయకముందే ప్రతి విద్యార్థీ విడిగా ఒక వాక్యంలో రాస్తారు.

చుక్కల సంఖ్యకు మార్కు పెట్టకు. డ్రాపర్ ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, చుక్క పరిమాణం మారుతుంది. చూడవలసింది ఆ వాక్యం. "సున్నపుతేట రెట్టింపు కాబట్టి దాన్ని తటస్థం చేయడానికి నిమ్మరసమూ రెట్టింపు కావాలి" అన్న అర్థం వచ్చిందంటే వచ్చినట్టే. నిమ్మరసాన్ని నేరుగా వాడితే కొన్ని చుక్కలకే రంగు పోతుంది, లెక్క తేలదు. ఒక వంతు రసానికి నాలుగు వంతుల నీళ్ళు కలుపు.

నాలుగోది

నువ్వు రాసినది: ప్రయోగ నైపుణ్యాన్ని పెంపొందించుకుంటారు.

ఇప్పుడు: పరీక్ష చేసేటప్పుడు ఒక ద్రావణంలో వాడిన డ్రాపర్‌ను కడగకుండా ఇంకోదాంట్లో పెట్టరు, ఏదీ రుచి చూడరు, కాగితం రంగు చూసిన వెంటనే పట్టికలో రాస్తారు. మూడూ చేస్తే చేసినట్టు, ఒక్కటి తప్పినా మళ్ళీ చేయించాలి.

36 మందిని ఒకే పీరియడ్‌లో గమనించడం ఎవరివల్లా కాదు. రోజుకు పన్నెండు మంది, మూడు రోజుల్లో అందరూ. హాజరు పట్టీ జిరాక్సు తీసి, పేర్ల పక్కన మూడు టిక్కులకు చోటు పెట్టుకో.

అయిదోది

నువ్వు రాసినది: నిత్యజీవితంలో ఆమ్లాలు, క్షారాల ప్రాముఖ్యతను అభినందిస్తారు.

దీన్ని రెండు పనులుగా చూడాలి. వినియోగం ఒకటి, ఇష్టం ఒకటి. మొదటిదాన్ని కొలవొచ్చు.

5ఎ. చీమ కుట్టడం, పొలంలో మట్టి ఆమ్లంగా ఉండటం, కడుపులో మంట అనే మూడు సందర్భాల్లో తడి వంటసోడా, సున్నం, మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలలో తగినదాన్ని జతచేసి, ఒక్కోదానికి "ఏది దేన్ని తటస్థం చేస్తుంది" అని ఒక వాక్యం రాస్తారు. మూడింటిలో కనీసం రెండు.

5బి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎందుకు ఎర్రగా ఉంటాయో, వాటిలో నిమ్మకాయ పిండుతూ పోతే ఏమవుతుందో, చూపించకముందే రాస్తారు. పసుపులో సున్నం క్షారం అని, నిమ్మరసం దాన్ని తటస్థం చేసేసరికి రంగు మళ్ళీ పసుపుకు తిరుగుతుందని రెండు అంశాలూ ఉండాలి.

ఇంట్లో పెళ్ళయినా, పురుడయినా ఎర్రనీళ్ళు చూడని పిల్ల మన దగ్గర ఉండదు. కానీ ఈ ప్రశ్న పాఠంలో ఎక్కడా రాదు. అందుకే పెట్టాను. కొత్త చోట అదే సూత్రాన్ని వాడుకోగలిగితే అప్పుడు "అర్థమైంది" అన్న మాట మనం అనుకోవచ్చు.

ఇక ఇష్టం సంగతి. అది తీసేయమని నేను చెప్పను. పిల్లకు సైన్సు మీద ప్రేమ పుట్టాలనే కదా మనం ఈ వృత్తిలో ఉన్నది. కానీ ప్రేమకు మార్కులు వేస్తే పిల్లలు ప్రేమ నటిస్తారు. అందుకని దాన్ని ఒక్కొక్కరి ఫలితంగా కాక, క్లాసు మొత్తానికి ఇలా రాశాను:

5సి. పాఠం అయ్యాక 40 పసుపు కాగితం ముక్కలు బల్ల మీద ఉంచి, ఇంటికి కావలసినవాళ్ళు తీసుకోవచ్చని మాత్రం చెబుతాను. ఎన్ని ముక్కలు పోయాయో, వారంలో ఎంతమంది తమంతట తాము వచ్చి ఏం పరీక్షించారో చెప్పారో లెక్క రాసుకుంటాను. ఎవరి పేరు పక్కనా ఏమీ రాయను.

పిల్లలు అడిగితే ఇది హోంవర్కు కాదని గట్టిగా చెప్పు. హోంవర్కు అని ఒక్కసారి నోరు జారితే ఆ లెక్కకు విలువ పోతుంది.

మిగిలింది క్లాసు స్థాయి. 1, 2బి, 5బిలో 36 మందికి కనీసం 28 మంది వచ్చారా చూడు. రాకపోతే నాలుగో రోజు కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఆ ఒక్కదాన్నే మళ్ళీ చేయించు. పర్యవేక్షకులు వచ్చి సిలబస్ అడిగితే ఈ లెక్క చూపించు, మాటలు అక్కర్లేదు.

పీరియడ్లు ఇలా సర్దుకుంటే సరిపోతాయి: మొదటి రోజు 1, 2ఎ, రెండో రోజు ఎక్కువసేపు 2బి, చివర 5ఎ, మూడో రోజు 3, ఆఖరి ఏడు నిమిషాలు 5బి చీటీ మీద. నాలుగోది మూడు రోజులూ నడుస్తుంది.

సున్నపుతేట తెల్లారి చేద్దామని పెట్టుకోకు. తడి సున్నం నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా వదిలేసి, పొద్దున పైన తేరిన తేట మాత్రం వంచుకో. కళ్ళలో పడకుండా పిల్లలకు మొదటే చెప్పు. 5బి చీటీలు అయ్యాక ఫోటోలు తీసి పంపు, తప్పు రాసినవి ముందు పంపు.

మీ టీచర్,
చిత్తూరు