ఉష్ణగతిక శాస్త్రం, మూడో యూనిట్: సోమవారం పాఠం నోట్సు

పాఠం 58 నిమిషాలు. ఫోనులో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసుకున్నాక 19 పేజీలు వచ్చింది. సార్ చెప్పిన వరుసలో ఉంచలేదు. ఆయన డీజిల్ ఇంజన్‌తో మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి నిర్వచనాలు చెప్పి, చివర్లో ఎవరో అడిగాక శూన్యాంక నియమం చెప్పారు. పరీక్షకు చదివేవారికి ముందు నిర్వచనం, తర్వాత నియమం, ఆ నియమాన్ని వాడే లెక్క కావాలి. అందుకే మార్చాను. కుండలీకరణాల్లోని అంకె రికార్డింగ్‌లో నిమిషం. అనుమానం వస్తే అక్కడ వినండి.

నిర్వచనాలు

వ్యవస్థ (9): మనం పరిశీలనకు ఎంచుకున్న పదార్థం లేదా ప్రదేశం. మిగిలినదంతా పరిసరాలు. రెండింటి మధ్య సరిహద్దు గీయకుండా ఏ లెక్కా మొదలుపెట్టవద్దని సార్ మూడుసార్లు అన్నారు. పదార్థమూ శక్తీ రెండూ దాటితే వివృత వ్యవస్థ (మూత తీసిన టీ గిన్నె), శక్తి మాత్రమే దాటితే సంవృత వ్యవస్థ (గట్టిగా మూసిన సీసా), ఏదీ దాటకపోతే వివిక్త వ్యవస్థ. మంచి థర్మోస్ ఫ్లాస్కు ఈ చివరిదానికి దగ్గరగా వస్తుంది, అంతే.

స్థితి ప్రమేయం (14): వ్యవస్థ ఇప్పుడున్న స్థితిని బట్టి మాత్రమే విలువ ఉండే రాశి. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, అంతర్గత శక్తి, ఎంట్రోపీ ఇలాంటివి. ఉష్ణం, పని మాత్రం పథ ప్రమేయాలు. హన్మకొండ నుంచి కాజీపేటకు ఏ దారిన వెళ్లినా రెండు ఊళ్ల ఎత్తుల తేడా మారదు, కానీ నడిచిన దూరం మారుతుంది. ఎత్తు లాంటిది U, నడక లాంటిది W. "వస్తువులో ఇంత ఉష్ణం ఉంది" అని రాస్తే మార్కు పోతుంది. ఉష్ణం సరిహద్దు దాటుతున్నప్పుడు మాత్రమే ఉష్ణం. లోపలికి చేరాక అది అంతర్గత శక్తి.

సమోష్ణోగ్రతా ప్రక్రియలో T మారదు. స్థిరోష్ణక ప్రక్రియలో Q = 0. ఈ రెండూ ఒకటే అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. స్థిరోష్ణక ప్రక్రియలో ఉష్ణోగ్రత మారవచ్చు, సాధారణంగా మారుతుంది కూడా. కింద రెండో లెక్క చూడండి.

శూన్యాంక నియమం (55)

A, C సమతాస్థితిలో ఉండి, B, C కూడా సమతాస్థితిలో ఉంటే, A, B ఒకదానితో ఒకటి సమతాస్థితిలో ఉంటాయి. థర్మామీటరు పనిచేసేది ఈ నియమం వల్లే: C స్థానంలో థర్మామీటరు ఉంటుంది. మిగతా నియమాలు స్థిరపడ్డాక దీని అవసరం గుర్తించారు, కానీ తర్కంలో అన్నిటికన్నా ముందు ఉండాలి కాబట్టి సున్నా అంకె ఇచ్చారు.

ప్రథమ నియమం (18)

`Q = ΔU + W`

వ్యవస్థకు ఇచ్చిన ఉష్ణంలో కొంత అంతర్గత శక్తిని పెంచుతుంది, మిగిలినది బయట పని చేస్తుంది. ఇక్కడ W వ్యవస్థ చేసిన పని. రికార్డింగ్‌లో "మైనస్ రాయండి" అని ఒకసారి, "ప్లస్" అని ఒకసారి వినిపిస్తుంది. బోర్డు కనిపించదు కాబట్టి గందరగోళం. మరుసటి రోజు సార్‌ను అడిగాను. రసాయన శాస్త్రం పుస్తకాల్లో W అంటే వ్యవస్థ మీద జరిగిన పని, అందువల్ల అక్కడ `ΔU = Q + W` అవుతుంది, మనం మొదటి పద్ధతినే వాడాలి అన్నారు. జవాబు మొదటి పంక్తిలోనే ఏ పద్ధతో రాయండి.

*లెక్క 1: అన్నం గిన్నె మూత ఎందుకు ఎగురుతుంది* (23)

100 డిగ్రీల దగ్గర ఒక కిలో నీరు ఆవిరవుతోంది. వాతావరణ పీడనం 101.3 కిలోపాస్కల్. గుప్తోష్ణం 2257 కిలోజౌళ్లు.

మెట్లు: ఘనపరిమాణం 0.001 నుంచి 1.673 ఘనపు మీటర్లకు పెరిగింది. పీడనం స్థిరం కాబట్టి `W = PΔV = 101.3 × 1.672 ≈ 169` కిలోజౌళ్లు. `ΔU = 2257 − 169 = 2088` కిలోజౌళ్లు.

ఈ లెక్కలో జవాబు కన్నా నిష్పత్తి ముఖ్యం. మనం పొయ్యి కింద నుంచి ఇచ్చిన ఉష్ణంలో సుమారు ఏడున్నర శాతమే గాలిని నెట్టడానికి పోయింది. మిగిలినదంతా నీటి అణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి ఖర్చయింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగకుండానే అంతర్గత శక్తి ఇంత పెరిగింది. "U ఉష్ణోగ్రత మీద మాత్రమే ఆధారపడుతుంది" అన్న వాక్యం ఆదర్శ వాయువుకే వర్తిస్తుంది.

*లెక్క 2: స్పార్క్ ప్లగ్ లేని ఇంజన్* (2)

ఆర్టీసీ బస్సు డీజిల్ ఇంజన్‌లో గాలిని పదహారో వంతుకు నొక్కుతారు. మొదటి ఉష్ణోగ్రత 300 కెల్విన్, γ = 1.4. చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి ఉష్ణం బయటకు పోయే వ్యవధి లేదు, Q = 0 అనుకుంటాం.

`T₂ = T₁ (V₁/V₂)^(γ−1) = 300 × 16^0.4 ≈ 909 K`

అంటే 636 డిగ్రీల సెల్సియస్. పిచికారీ చేసిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. పిస్టన్ చేసిన పని మొత్తం గాలి అంతర్గత శక్తిగా మారిందన్నమాట.

ద్వితీయ నియమం (31)

కెల్విన్, ప్లాంక్ రూపం: ఒకే ఉష్ణాశయం నుంచి ఉష్ణం తీసుకుని, దాన్నంతా పనిగా మార్చడం తప్ప మరే మార్పూ చేయని చక్రీయ యంత్రం అసాధ్యం. క్లాసియస్ రూపం: బయటి పని లేకుండా ఉష్ణం చల్లని వస్తువు నుంచి వేడి వస్తువుకు పోదు. ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడదు; వెనక వైపు వదిలే ఉష్ణంలో లోపలి నుంచి లాగినదీ కరెంటు చేసిన పనీ రెండూ ఉంటాయి, గది ఇంకా వేడెక్కుతుంది.

కార్నో 1824లో చూపించినది: రెండు ఉష్ణాశయాల మధ్య ఏ యంత్రానికైనా దక్షత పరిమితి `η = 1 − T_C/T_H`.

*లెక్క 3* (37): రామగుండం లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఆవిరి 540 డిగ్రీలు, కండెన్సర్ 40 డిగ్రీలు అనుకుందాం. ముందు కెల్విన్‌లోకి మార్చాలి: 813, 313. `η = 1 − 313/813 ≈ 0.615`. సెల్సియస్‌లోనే వేస్తే 0.926 వస్తుంది, అది తప్పు. నిజమైన కేంద్రాలు ఈ 61 శాతానికి చాలా దూరంలో ఆగిపోతాయి, ఎందుకంటే ఉష్ణమంతా గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర అందదు, ఘర్షణ ఉంటుంది.

ఎంట్రోపీ (41)

ఇక్కడ రైలు కూత వల్ల రికార్డింగ్‌లో "ఎంథాల్పీ" అన్నట్టు వినిపిస్తుంది. కాదు, ఎంట్రోపీయే. నా మొదటి ప్రతిలో ఆరుచోట్ల తప్పు పడింది, అన్నీ దిద్దాను. పాత ప్రతి ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే తీసేయండి.

నిర్వచనం: ఉత్క్రమణీయ ప్రక్రియలో `dS = dQ/T`. వివిక్త వ్యవస్థ ఎంట్రోపీ తగ్గదు. ఈ పేరు 1865లో క్లాసియస్ పెట్టారు.

*లెక్క 4*: స్నానానికి 80 డిగ్రీల నీరు 2 కిలోలు, 30 డిగ్రీల నీరు 3 కిలోలు కలిపాం. తుది ఉష్ణోగ్రత 50 డిగ్రీలు, అంటే 323 కెల్విన్. c = 4.2 తీసుకుంటే,

వేడినీటికి: `2 × 4.2 × ln(323/353) = −0.746`
చల్లనీటికి: `3 × 4.2 × ln(323/303) = +0.805`

మొత్తం +0.059 కిలోజౌళ్లు ప్రతి కెల్విన్‌కు. వేడినీటి ఎంట్రోపీ తగ్గింది, నియమం తప్పలేదు, మొత్తం చూడాలి.

ఇంటికి ఇచ్చిన లెక్క: 35 డిగ్రీల గదిలో 0 డిగ్రీల మంచు ఒక కిలో కరిగింది, గుప్తోష్ణం 334 కిలోజౌళ్లు. కరిగేంతసేపూ ఉష్ణోగ్రత మారదు కాబట్టి లాగరిథం అక్కర్లేదు: మంచుకు 334/273, గదికి 334/308. గది ఉష్ణం కోల్పోతుంది, దానికి మైనస్ గుర్తు. నాకు +0.139 వచ్చింది, మీకు వేరే వస్తే మెట్లతో సహా గురువారం తీసుకురండి.