ఇన్వాయిస్ 12,000 డాలర్లు, ఖాతాలో పడింది 11,945

తోలు బ్యాగులు తయారుచేసి విదేశాలకు పంపే ఒక చిన్న సంస్థ లెక్కలు కిందటేడు నా దగ్గరికి వచ్చాయి. మొత్తం ఆరుగురు మనుషులు. అకౌంట్స్ చూసేది యజమాని చెల్లెలు. పుస్తకాల్లో 31 ఇన్వాయిస్‌లకు ఇంకా డబ్బు రావాల్సి ఉంది. తీరా చూస్తే కొన్నవాళ్లంతా ఎప్పుడో కట్టేశారు. దారిలో బ్యాంకులు పట్టుకున్న 55, 40, 62 డాలర్లను ఖర్చు కింద రాయకుండా బాకీగానే వదిలేశారు. ఆ చిల్లర బాకీల మీద సాఫ్ట్‌వేర్ తనంతట తానే రిమైండర్లు పంపుతూ పోయింది. చివరికి ఒక పాత కస్టమర్ విసిగిపోయి, "నేను పూర్తిగా కట్టాను, మిగతాది మీ బ్యాంకునే అడగండి" అని మెయిల్ పెట్టాడు.

ఆవిడను తప్పుపట్టడానికి ఏమీ లేదు. స్వదేశీ అమ్మకాలకు సరిపోయే పద్ధతినే ఎగుమతులకూ వాడారు, అంతే.

ఆ 31 చిక్కుముడులు విప్పుతున్నప్పుడే ఈ ఆలోచన వచ్చింది. ఈ నెల నుంచి చిన్న ఎగుమతిదారుల కోసం విడిగా నెలవారీ అకౌంటింగ్ సర్వీసు మొదలుపెడుతున్నాను. నెలకు 5 నుంచి 40 షిప్‌మెంట్లు పంపేవాళ్లకు ఇది సరిపోతుంది.

పని ఇలా ఉంటుంది. ఒక్కో షిప్‌మెంట్‌కి ఒక ఫైల్. ఆర్డరు, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ లేదా ఎయిర్‌వే బిల్లు, కస్టమ్స్ కాగితం, బ్యాంకు క్రెడిట్ అడ్వైస్ అన్నీ అందులోనే ఉంటాయి. ఏది రాలేదో నెలాఖరులోగా మీకు చెబుతాను. ఇంత పట్టుదల దేనికంటే, చాలా దేశాల్లో ఎగుమతులకు వ్యాట్ లాంటి పన్ను సున్నా రేటులో ఉంటుంది గానీ, సరుకు దేశం దాటిందని మీరే రుజువు చూపించాలి. ఎక్స్ వర్క్స్ షరతు మీద అమ్మేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. కొన్నవాళ్ల మనిషి వచ్చి సరుకు తీసుకెళ్తాడు, కాగితాలూ అతని వెంటే వెళ్తాయి. ఆర్నెల్ల తర్వాత అడిగితే ఫోనెత్తడు.

మారకం రేటు రెండో తలనొప్పి. అప్పు మీద అమ్మితే అమ్మకం ఆ రోజు రేటుకు రాయాలి. డబ్బు వచ్చిన రోజుకు రేటు మారితే ఆ తేడా మారకపు లాభం లేదా నష్టం, దాన్ని అమ్మకంలో కలపకూడదు. కలిపేస్తే బ్యాగుల మీద మార్జిన్ తగ్గిందో, కరెన్సీ కదిలిందో ఎవరూ చెప్పలేరు. అడ్వాన్సుల సంగతి వేరు. నేను అకౌంటెంట్‌గా మొదలుపెట్టిన రోజుల్లో, సరుకు కోసం ముందే పుచ్చుకున్న అడ్వాన్సును ఏడాది చివరి రేటుకు మళ్లీ లెక్కగట్టాను. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం దాన్ని అందిన రోజు రేటు దగ్గరే ఉంచాలి. ఆడిటర్ పట్టుకున్నారు, రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను. అప్పటినుంచి అడ్వాన్సులకు వేరే లెడ్జర్ పెడుతున్నాను.

కొన్నవాళ్ల బ్యాంకు చెల్లింపుకు పూచీపడే లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే ఎల్‌సీ మీద అమ్మేవాళ్లకు ఇంకో పని చేసిపెడతాను. కాగితాలు బ్యాంకుకు వెళ్లేముందు ఎల్‌సీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తాను. బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. వివరాలు కలవకపోతే డబ్బు ఆగుతుంది. ఎల్‌సీలకు అంతర్జాతీయంగా వాడే నియమాలు యూసీపీ 600 కింద, ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే, షిప్‌మెంట్ తర్వాత 21 రోజుల్లోపు కాగితాలు ఇవ్వాలి. ఎల్‌సీ గడువు అంతకన్నా ముందే ముగిస్తే అదే లెక్క.

చేయనివి కూడా చెప్పేస్తాను. కస్టమ్స్ క్లియరెన్స్ నా పని కాదు. రేటు పెరుగుతుందా తగ్గుతుందా అని జోస్యం చెప్పను.

ఫీజు షిప్‌మెంట్ల సంఖ్యను బట్టి ఉంటుంది, మీ టర్నోవర్‌లో శాతం అడగను. ఒంటరిగా చేస్తున్నాను కాబట్టి ప్రస్తుతానికి ఐదుగురినే తీసుకుంటాను. మొదటి కాల్‌కి డబ్బు తీసుకోను. మూడు నెలల ఇన్వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని 40 నిమిషాలు మాట్లాడుకుందాం. నా సర్వీసు మీకు అవసరం లేదనిపిస్తే అదీ చెబుతాను.

ఇప్పటికే ఎగుమతి చేస్తున్నా, మొదటి ఆర్డరు కోసం చూస్తున్నా, మీ ప్రశ్న కామెంట్‌లో అడగండి. "ఇంత చిన్న విషయం అడగాలా" అనుకోకండి, పైన చెప్పిన 55 డాలర్లూ చిన్న విషయమే. కస్టమర్ పేర్లు, ఖాతా నంబర్లు మాత్రం కామెంట్‌లో పెట్టకుండా మెసేజ్ చేయండి. శుక్రవారం సాయంత్రంలోగా అందరికీ జవాబిస్తాను.

ముందు నేనే ఒకటి అడుగుతాను: మీకు డబ్బు పంపేటప్పుడు కొన్నవాళ్లు బ్యాంకు ఛార్జీల దగ్గర అన్నీ తామే భరించే `OUR` పెడుతున్నారా, ఇద్దరూ పంచుకునే `SHA` పెడుతున్నారా? ఆ సంగతి మీ ఒప్పందంలో రాసి ఉందా?

#ఎగుమతులు #అకౌంటింగ్ #చిన్నవ్యాపారం