కాబోయే డాన్

"జాన్ బనేగా డాన్!"

చింటూ కర్ర ఝళిపించేసరికి పిట్టగోడ మీది కాకి లేచిపోయి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద వాలింది.

"కాకిని తోలమంటే ఆ హిందీ ఏమిట్రా?" అంది సుబ్బమ్మ, పాత పంచె మీద గుమ్మడి వడియాలు పెడుతూనే. తెనాలి నుంచి కొడుకింటికి మల్కాజ్‌గిరి వచ్చి రెండు రోజులైంది. అప్పుడే డాబా ఆవిడదైపోయింది.

"మోటూ పత్లూ కార్టూన్‌లో విలన్ డైలాగ్, అమ్మమ్మా! జాన్ డాన్ అవుతాడని."

"ఎప్పుడు?"

చింటూ లహరి వైపు చూశాడు. మేనత్త కొడుక్కి తెలియనివన్నీ చెప్పే బాధ్యత లహరిదే.

"అవ్వడు నానమ్మా. అవుతానంటాడంతే. డాక్టర్ ఝట్కా ఏదో మిషన్ కనిపెడతాడా, ఇతను అది కొట్టేస్తాడు. మోటూ ఓ సమోసా తిని వచ్చి చితక్కొడతాడు. ఇన్‌స్పెక్టర్ చింగమ్ పట్టుకెళ్తాడు. మళ్లీ రేపు వచ్చి అదే మాట."

"ఎన్నాళ్ల నుంచి?"

"2012 నుంచి. నేను పుట్టకముందు."

సుబ్బమ్మ చెయ్యి ఆగింది. వేళ్లకంటిన మినప్పిండిని గిన్నె అంచుకి రాసింది. "ఒక్కడే తిరుగుతాడా, వెనక ఎవరన్నా ఉన్నారా?"

"ఇద్దరున్నారు. నంబర్ వన్, నంబర్ టూ."

"వాళ్లకి పేర్లు కూడా లేవూ? పాపం. సమోసా ఆ మోటూ ఒక్కడికేనా?"

"అమ్మమ్మా, జాన్ విలన్!"

"విలనైతే ఆకలెయ్యదట్రా? మా ఊళ్లో వెంకట్రామయ్య ఉండేవాడు. ఎన్నికలొస్తే చాలు, ఈసారి ప్రెసిడెంటుని నేనే అని రచ్చబండెక్కేవాడు. ప్రతిసారీ ఓడేవాడు. చిన్నపిల్లలు కూడా వెనకాల ఆ మాటే అంటూ తిరిగేవాళ్లు. ఆయనా నవ్వేవాడు."

"ఎప్పుడూ గెలవలేదా?" అంది లహరి.

"ఒకసారి జాలిపడి ఊరంతా ఓటేసింది. గెలిచాడు. ఇంకేముంది, ఆ మాట ఆగిపోయింది. రోజూ అర్జీలు, రోడ్లు, డ్రైనేజీ గొడవ. మనిషి కనిపిస్తే జనం తప్పుకు తిరిగేవాళ్లు."

చింటూ కర్ర కిందపెట్టి కాసేపు ఆలోచించాడు. "వదినా, జాన్ నిజంగా డాన్ అయిపోతే?"

"ఏముంది, ఇంక డైలాగ్ ఉండదు. మోటూకి కొట్టడానికి ఎవరూ ఉండరు. కార్టూన్ అయిపోతుంది."

"అయితే వద్దు!" అన్నాడు వాడు కంగారుగా. "అమ్మమ్మా, సమోసా పెట్టొద్దు వాడికి."

"పెట్టన్లే. ముందు నువ్వు ఆ వడియాల మీంచి కాలు తియ్యి."