సూక్ష్మ రుణాలపై వ్యాసాల పట్టిక: వాదన ఒక వాక్యం, పద్ధతి ఒక వాక్యం

సెమినార్ కోసం మేడమ్ ఇచ్చిన జాబితాను ఇలా కుదించాను. ఒక్కో వ్యాసానికి వాదన ఒక వాక్యం, పద్ధతి ఒక వాక్యం. అవసరమనిపించిన చోట నా మాట కూడా కలిపాను. ఒప్పుకోని వాళ్లు పక్కనే రాయండి, చర్చలో తేల్చుకుందాం.

అక్షరక్రమం పాటించలేదు. ఏ వ్యాసం దేనితో పేచీ పెట్టుకుందో ఆ వరుసలో పెట్టాను. అన్నీ వరసగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. అప్పు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న దగ్గర కన్నా, అప్పు తీసుకున్న ఇంటిని ఏ ఇంటితో పోల్చాలి అన్న దగ్గరే వీళ్లు ఎక్కువగా విడిపోయారు. కాబట్టి తొందరలో ఉన్నా పద్ధతి వాక్యాన్ని దాటేయకండి.

ఇంకో మాట. మన ఊళ్లలో బ్యాంకు లింకేజీతో నడిచే డ్వాక్రా సంఘం వేరు, ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీ కట్టించే గ్రూపు వేరు. కింది వాటిలో చాలా వరకు రెండో రకం గురించే. ఫీల్డ్ నోట్సులో ఈ రెండింటినీ కలపొద్దు.

గ్రూపు పూచీ ఎందుకు పనిచేస్తుంది?

స్టిగ్లిట్జ్ (1990), "పీర్ మానిటరింగ్ అండ్ క్రెడిట్ మార్కెట్స్", వరల్డ్ బ్యాంక్ ఎకనామిక్ రివ్యూ
వాదన: అప్పు తీసుకున్నవాళ్లు ఒకరికొకరు పూచీ ఉంటే, బ్యాంకు చూడలేని సంగతిని పక్కింటివాళ్లు చూస్తారు, దాంతో డబ్బును సాహసాలకు తగలేయడం తగ్గుతుంది.
పద్ధతి: గణిత నమూనా మాత్రమే, బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ బ్యాంకు అందులో ప్రేరణగా వస్తుంది కానీ సమాచారంగా రాదు.

ఘటక్ (1999), "గ్రూప్ లెండింగ్, లోకల్ ఇన్ఫర్మేషన్ అండ్ పీర్ సెలెక్షన్", జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్
వాదన: ఎవరు ఎలాంటివాళ్లో ఊళ్లో అందరికీ తెలుసు గనక నమ్మకస్తులు నమ్మకస్తులతోనే గ్రూపు కడతారు, ఆ ఏరివేత వల్ల వడ్డీ తగ్గించడానికి వీలవుతుంది.
పద్ధతి: ఇదీ సిద్ధాంతమే, అప్పుదారుల రిస్కు బ్యాంకుకు తెలియని స్థితి నుంచి మొదలుపెట్టిన నమూనా.

ఈ రెండూ కలిపి చదవండి. స్టిగ్లిట్జ్ చెప్పేది అప్పిచ్చాక కాపలా గురించి, ఘటక్ చెప్పేది అప్పివ్వకముందు ఎంపిక గురించి. మన ఇంటర్వ్యూల్లో "ఆమెను గ్రూపులో ఎందుకు చేర్చుకోలేదు" అన్న ప్రశ్న ఘటక్ నుంచే వస్తుంది.

జినే, కార్లన్ (2014), "గ్రూప్ వర్సస్ ఇండివిడ్యువల్ లయబిలిటీ", జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్
వాదన: గ్రూపు పూచీ తీసేసి ఎవరి అప్పుకు వాళ్లే బాధ్యులన్నా ఎగవేతలు పెరగలేదు.
పద్ధతి: ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు అప్పటికే నడుస్తున్న కేంద్రాల్లో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి వ్యక్తిగత పూచీకి మార్చగా, తిరిగి చెల్లింపులను తక్కినవాటితో పోల్చారు.

పై రెండు సిద్ధాంతాలకూ ఇది గట్టి దెబ్బ. ఒక మెలిక మాత్రం ఉంది. గ్రూపు పూచీ కిందే ఏర్పడిన సంఘాలను మధ్యలో మార్చారు కాబట్టి, ఘటక్ చెప్పిన ఏరివేత అప్పటికే జరిగిపోయి ఉండొచ్చు. అదే వ్యాసంలో మొదటి నుంచీ వ్యక్తిగత పూచీతో మొదలుపెట్టిన కొత్త కేంద్రాల ప్రయోగం కూడా ఉంది, దాన్నీ చూడండి.

ఫైగెన్‌బర్గ్, ఫీల్డ్, పాండే (2013), "ది ఎకనామిక్ రిటర్న్స్ టు సోషల్ ఇంటరాక్షన్", రివ్యూ ఆఫ్ ఎకనామిక్ స్టడీస్
వాదన: వారం వారం కలిసే సంఘంలోని ఆడవాళ్ల మధ్య పరిచయం ముదురుతుంది, ఆ పరిచయమే తర్వాతి అప్పులో ఎగవేతను తగ్గిస్తుంది.
పద్ధతి: కోల్‌కతాలో మొదటిసారి అప్పు తీసుకున్న గ్రూపులను యాదృచ్ఛికంగా వారానికోసారి కలిసేవి, నెలకోసారి కలిసేవి అని విడగొట్టి తర్వాతి అప్పు వరకూ అనుసరించారు.

ఫీల్డ్, పాండే, పాప్, రిగోల్ (2013), "డజ్ ద క్లాసిక్ మైక్రోఫైనాన్స్ మోడల్ డిస్కరేజ్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ అమాంగ్ ద పూర్?", అమెరికన్ ఎకనామిక్ రివ్యూ
వాదన: అప్పు చేతికొచ్చిన రెండు వారాలకే కిస్తీ మొదలైతే జనం నిదానంగా ఫలించే పెట్టుబడి జోలికి పోరు, రెండు నెలల గడువిస్తే పెట్టుబడీ లాభమూ పెరుగుతాయి కానీ ఎగవేతలూ పెరుగుతాయి.
పద్ధతి: ఇదీ కోల్‌కతాయే, గడువు ఎవరికన్నది యాదృచ్ఛికంగా తేల్చిన ప్రయోగం.

ఇంత తెలివైన ప్రశ్న ఈ జాబితాలో ఇంకోటి లేదని నా ఉద్దేశం. అప్పు ఇచ్చారా లేదా అని కాకుండా, అప్పు షరతుల్లో ఒక్కటి మారిస్తే ఏమవుతుందని అడిగారు. కంపెనీలు గడువెందుకు ఇవ్వవో కూడా ఎగవేతల అంకెలోనే తెలిసిపోతుంది.

బంగ్లాదేశ్ తగాదా

పిట్, ఖండ్కర్ (1998), "ది ఇంపాక్ట్ ఆఫ్ గ్రూప్-బేస్డ్ క్రెడిట్ ప్రోగ్రామ్స్ ఆన్ పూర్ హౌస్‌హోల్డ్స్ ఇన్ బంగ్లాదేశ్", జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ
వాదన: ఆడవాళ్లు తీసుకున్న ప్రతి 100 టాకాల అప్పుకూ ఇంటి ఏటి ఖర్చు 18 టాకాలు పెరిగింది, మగవాళ్లు తీసుకుంటే 11 టాకాలే.
పద్ధతి: 1991-92 గృహ సర్వే మీద, అర ఎకరం భూమి దాటితే అప్పు రాదన్న నిబంధనను ఆసరా చేసుకున్న ఎకనామెట్రిక్ అంచనా.

మోర్డుక్ (1999), "ద మైక్రోఫైనాన్స్ ప్రామిస్", జర్నల్ ఆఫ్ ఎకనామిక్ లిటరేచర్
వాదన: పేదరికం తగ్గించడం, సంస్థ తన ఖర్చు తాను రాబట్టుకోవడం రెండూ ఒక్క దెబ్బకు కుదురుతాయన్న ఆశకు అప్పటిదాకా ఉన్న రుజువులు చాలవు.
పద్ధతి: అనేక దేశాల కార్యక్రమాలను, అప్పటి అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష.

రూడ్‌మన్, మోర్డుక్ (2014), "ది ఇంపాక్ట్ ఆఫ్ మైక్రోక్రెడిట్ ఆన్ ద పూర్ ఇన్ బంగ్లాదేశ్: రివిజిటింగ్ ద ఎవిడెన్స్", జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్
వాదన: పిట్, ఖండ్కర్ల ఫలితాన్ని కారణంగా చదవలేం, కొద్ది ఇళ్ల అసాధారణ అంకెలను పక్కనపెడితే చాలు, అది నీరుగారిపోతుంది.
పద్ధతి: అదే సమాచారం తీసుకుని అదే లెక్కను మళ్లీ కట్టి, దాని ఊహలను ఒక్కొక్కటిగా పరీక్షించారు.

మధ్యలో పదహారేళ్లు! అన్నాళ్లూ ఆ 18 టాకాల అంకె ఉపన్యాసాల్లో తిరుగుతూనే ఉంది. అర ఎకరం దాటినవాళ్లకూ అప్పు అందినట్టు సర్వేలోనే కనబడడం మోర్డుక్ మొదటి నుంచీ ఎత్తిచూపిన లోపం. మన దగ్గర తెల్లకార్డుకు అర్హులెవరో, కార్డు ఎవరి దగ్గర ఉందో ఒకసారి తలుచుకుంటే ఈ విమర్శ బరువు తెలుస్తుంది.

గెట్జ్, సేన్ గుప్తా (1996), "హూ టేక్స్ ద క్రెడిట్?", వరల్డ్ డెవలప్‌మెంట్
వాదన: అప్పు ఆడవాళ్ల పేరు మీద వస్తున్నా, చాలా ఇళ్లలో డబ్బు వాడకం మగవాళ్ల చేతిలోకి పోతోంది, తీర్చే బాధ్యత మాత్రం ఆమెకే మిగులుతోంది.
పద్ధతి: అప్పుదారుల ఇంటర్వ్యూల ఆధారంగా, అప్పు మీద ఆమె అదుపును పూర్తిగా ఉంది నుంచి ఏమీ లేదు దాకా అయిదు మెట్లలో కొలిచారు.

కబీర్ (2001), "కాన్‌ఫ్లిక్ట్స్ ఓవర్ క్రెడిట్", వరల్డ్ డెవలప్‌మెంట్
వాదన: సాధికారత వచ్చిందనేవాళ్లూ, రాలేదనేవాళ్లూ అధికారం అంటే వేర్వేరు సంగతులు అనుకోవడం వల్లే తేలికగా విడిపోతున్నారు, అప్పు తీసుకున్న ఆడవాళ్ల సొంత అంచనా ఈ రెంటికీ అందదు.
పద్ధతి: ముందు పాత అధ్యయనాలను ఎదురెదురుగా పెట్టి, తర్వాత అప్పుదారుల మాటలను గుణాత్మకంగా విశ్లేషించారు.

గెట్జ్, సేన్ గుప్తాల అయిదు మెట్లను మన ప్రశ్నావళిలో పెడదామని అనుకున్నాం కదా. కబీర్ చదివాక నాకు సందేహం పట్టుకుంది. మొగుడూ పెళ్లాం కలిసి నిర్ణయించుకున్న ఇంటిని ఆ మెట్లు "అదుపు తగ్గింది" అనే లెక్కేస్తాయి. చాలామంది ఆడవాళ్లకు అదే గెలుపు.

ప్రయోగాల దశ

బెనర్జీ, డుఫ్లో, గ్లెనర్‌స్టర్, కిన్నన్ (2015), "ద మిరకిల్ ఆఫ్ మైక్రోఫైనాన్స్?", అమెరికన్ ఎకనామిక్ జర్నల్: అప్లయిడ్
వాదన: అప్పు అందుబాటులోకొస్తే ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది కానీ ఇంటి మొత్తం ఖర్చు, చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ల మాట చెల్లుబాటు చెప్పుకోదగ్గంతగా మారలేదు.
పద్ధతి: హైదరాబాద్‌లో 104 బస్తీలను తీసుకుని, యాదృచ్ఛికంగా ఎంచిన 52 బస్తీల్లో సంస్థ శాఖ తెరిచాక, అన్ని బస్తీల ఇళ్లనూ రెండు విడతలు సర్వే చేశారు.

మన నగరం గనక దీన్ని ఎక్కువ ప్రేమగా చదివే ప్రమాదం ఉంది. రెండో సర్వే నాటికి తక్కిన బస్తీల్లోకీ అప్పు వచ్చేసింది, కాబట్టి దీర్ఘకాలం గురించి ఇది చెప్పగలిగింది తక్కువ. పైగా శాఖ తెరిచినా తీసుకున్న ఇళ్లు తక్కువే, అందువల్ల సగటు మార్పు చిన్నదిగా కనబడడంలో ఆశ్చర్యం లేదు.

బెనర్జీ, కార్లన్, జిన్‌మన్ (2015), "సిక్స్ రాండమైజ్డ్ ఇవాల్యుయేషన్స్ ఆఫ్ మైక్రోక్రెడిట్", అదే పత్రిక
వాదన: ఫలితాలు కాస్త మంచివైపే ఉన్నాయి, బతుకులు మార్చేసేంత మాత్రం కావు.
పద్ధతి: బోస్నియా, ఇథియోపియా, ఇండియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసిన ముందుమాట.

మీగర్ (2019), "అండర్‌స్టాండింగ్ ద యావరేజ్ ఇంపాక్ట్ ఆఫ్ మైక్రోక్రెడిట్ ఎక్స్‌పాన్షన్స్", అదే పత్రిక
వాదన: సగటు ప్రభావం చిన్నది, తేలనిది, దేశానికీ దేశానికీ తేడా అనుకున్నంత లేదు.
పద్ధతి: ఏడు ప్రయోగాల సమాచారాన్ని బేసియన్ అంచెల నమూనాలో కలిపి లెక్కగట్టారు.

2006, 2010: మన కథ

శైలేంద్ర (2006), "మైక్రోఫైనాన్స్ ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్ ఆంధ్రప్రదేశ్: క్రైసిస్ అండ్ డయాగ్నసిస్", ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ
వాదన: కృష్ణా జిల్లాలో శాఖలు మూయించేదాకా వచ్చిన గొడవకు మూలం సంస్థలు అప్పులిచ్చిన, వసూలు చేసిన తీరులోనే ఉంది.
పద్ధతి: సంఘటనలు వేడిగా ఉన్నప్పుడే వాటిని క్రమంలో పెట్టి, కారణాలను వెతికిన విశ్లేషణ.

టేలర్ (2011), "ఫ్రీడమ్ ఫ్రమ్ పావర్టీ ఈజ్ నాట్ ఫర్ ఫ్రీ", జర్నల్ ఆఫ్ అగ్రేరియన్ ఛేంజ్
వాదన: 2010 సంక్షోభం వసూలు ఏజెంట్ల దురుసుతనంతో మాత్రమే రాలేదు, వ్యవసాయం గిట్టక అప్పు మీద అప్పుతో బతికే పల్లె స్థితి మీదే ఆ వ్యాపారం పెరిగింది.
పద్ధతి: వ్యవసాయ రాజకీయార్థిక దృష్టితో చేసిన అధ్యయనం, పోలిక గుంపు ఏదీ లేదు.

బ్రెజా, కిన్నన్ (2021), "మెజరింగ్ ది ఈక్విలిబ్రియమ్ ఇంపాక్ట్స్ ఆఫ్ క్రెడిట్", క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్
వాదన: సూక్ష్మ రుణం ఒక్కసారిగా ఆగిపోయిన చోట రోజుకూలీ, ఇంటి ఖర్చు రెండూ తగ్గాయి, అంటే అప్పు తీసుకోని కూలీ ఇంటికీ దెబ్బ తగిలింది.
పద్ధతి: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో తెచ్చిన ఆర్డినెన్సుతో నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోని ఏ జిల్లాల్లో ఎక్కువ, ఏ జిల్లాల్లో తక్కువ అప్పులిచ్చాయో చూసి ఆ జిల్లాలను పోల్చారు.

సమయం లేనివాళ్లు ఇదొక్కటైనా పూర్తిగా చదవండి. బస్తీ ప్రయోగంలో తేలని ప్రభావం ఇక్కడ తేలడానికి కారణం పోలికే: ఇక్కడ ఇంటికి ఇల్లు కాదు, జిల్లాకు జిల్లా. కూలీ మార్కెట్టు గుండా పోయే ప్రభావం ఇంటి పోలికలో చిక్కడం కష్టం. అయితే ఆర్డినెన్సు ఏ రాష్ట్రం కోసం వచ్చిందో ఆ రాష్ట్రం ఈ లెక్కలో లేదు. వారపు వసూళ్లు ఆపి, వసూలును ఇంటి గడప నుంచి పంచాయతీ ఆఫీసులాంటి చోటికి మార్చినప్పుడు మన ఊళ్లలో ఏం జరిగిందో ఇందులో దొరకదు. టేలర్‌లో ఆ ఊళ్లున్నాయి, పోలిక లేదు. మన ప్రాజెక్టుకు జాగా ఈ రెండింటి మధ్యే ఉందని నా వాదన.

మొదటి సెషన్‌కు గ్రూపు పూచీ భాగం, రెండోదానికి బంగ్లాదేశ్, మిగిలినవి మూడోదానికి. రూడ్‌మన్, మోర్డుక్ వ్యాసంలోని పట్టికలను బోర్డు మీద వివరించడానికి ఎకనామెట్రిక్స్ తెలిసినవాళ్లు ఒకరు ముందుకు రావాలి, ఆ పని నాకు అప్పగించకండి.