ఇండోనేషియాలో పిల్లల స్టంటింగ్: సోమవారం సమీక్షకు సంక్షిప్త నోట్

ఎవరికి: డైరెక్టర్ గారికి
ఎవరి నుంచి: అనువాద విభాగం
విషయం: ఇండోనేషియా భాషలో వచ్చిన విధాన నివేదిక సారాంశం

మేడమ్, మీరు పంపిన ఫైలు రెండు వందల పేజీలు దాటింది. అందులో సగం సమావేశాల వివరాలు, శాఖల మధ్య పని పంపకాలే. వాటిని వదిలేసి, మన సమీక్షకు పనికొచ్చేది మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

అసలు సంగతి

స్టంటింగ్ ఉన్న, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేని, ఐదేళ్ల లోపు పిల్లలు 2018లో 30.8 శాతం. 2024కి 19.8 శాతం. మధ్యలో 2019లో 27.7, 2021లో 24.4, 2022లో 21.6, 2023లో 21.5. ఆరేళ్లలో 11 పాయింట్లు తగ్గడం చిన్న విషయం కాదు. అయినా 2024కి పెట్టుకున్న లక్ష్యం 14 శాతం, అది 5.8 పాయింట్ల దూరంలో ఉండిపోయింది. ఇప్పుడు 2029కి 14.2 అంటున్నారు. లక్ష్యాన్ని కాస్త సడలించి, గడువును ఐదేళ్లు జరిపారన్నమాట. నివేదిక ఈ మాట ఇంత సూటిగా చెప్పదు, అంకెలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

2022 నుంచి 2023కి తగ్గింది 0.1 మాత్రమే. అయితే ఆ రెండేళ్ల సర్వేలు వేర్వేరు. అందుకే 'ఆగిపోయింది' అని కాకుండా 'దాదాపు కదల్లేదు' అని రాశాను. 2020కి చాలాచోట్ల కనిపించే 26.9 అంచనా మాత్రమే. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఇంటింటి సర్వే జరగలేదు కాబట్టి దాన్ని వరుసలో చేర్చలేదు.

ఏ వయసులో జారుతోంది

నన్నడిగితే నివేదిక మొత్తంలో మనకు అక్కరకొచ్చే పేజీ ఇదే. 2022 సర్వేలో 6–11 నెలల పిల్లల్లో స్టంటింగ్ 13.7 శాతం, 12–23 నెలల్లో 22.4 శాతం. అంటే ఇంచుమించు 1.6 రెట్లు. తల్లిపాలతో పాటు తిండి మొదలై, ఆ తిండే ప్రధానమయ్యే నెలలివి. గంజి, అన్నం పెడుతున్నారు కానీ గుడ్డు, చేప, మాంసం అందడం లేదని వాళ్ల ఆరోగ్య శాఖ గుర్తించింది. 2023 జనవరి 25న జరిపిన పోషకాహార దినోత్సవానికి జంతు ప్రొటీన్లనే అంశంగా తీసుకుంది. మన అంగన్‌వాడీల్లో గుడ్డు పంపిణీ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలు చేతిలో ఉండాలి.

ప్రాంతాల మధ్య తేడా కూడా చూడాలి. అదే 2022లో తూర్పు నుసా తెంగారాలో 35.3 శాతం, బాలీలో 8.0. దేశ సగటు ఈ రెండింటినీ దాచేస్తుంది.

ఏం చేశారు

2021 ఆగస్టులో వచ్చిన 72వ నంబరు అధ్యక్ష ఉత్తర్వు ఈ పనిని ఒక్క ఆరోగ్య శాఖకే వదిలేయకుండా, సమన్వయ బాధ్యతను జనాభా, కుటుంబ నియంత్రణ సంస్థకు ఇచ్చింది. శిక్షణ పొందిన మంత్రసాని, మహిళా సంఘం కార్యకర్త, కుటుంబ నియంత్రణ కార్యకర్త: ముగ్గురితో ఒక బృందం. అలాంటివి 2 లక్షలు, మొత్తం 6 లక్షల మంది. పెళ్లికి ముందు నుంచే ఇంటికి వెళ్లి గమనిస్తారు. మన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు వేర్వేరుగా వెళ్లే ఇంటికి అక్కడ ముగ్గురూ ఒకే బృందంగా వెళ్తారు.

మనతో పోలిక

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019–21) ఆంధ్రప్రదేశ్ 31.2, తెలంగాణ 33.1 శాతం. వీటిని ఇండోనేషియా 2024 అంకె పక్కన పెట్టకండి, ఏళ్లు కలవవు. పెట్టాల్సి వస్తే 2021 నాటి 24.4 పక్కన పెట్టండి.

అంకెల గురించి ఒక మాట

వాళ్లు దశాంశానికి కామా, వేలకు చుక్క వాడతారు. 2024లో స్టంటింగ్ ఉన్న పిల్లల సంఖ్య మూలంలో 4.482.340 అని ఉంటుంది. మొదటి డ్రాఫ్టులో నేనే తొందరలో నాలుగు వేల చిల్లర అని కొట్టాను. సరిచూసేటప్పుడు, ఇంత పెద్ద దేశంలో ఇంతేనా అని అనుమానం వచ్చి మూలం మళ్లీ తెరిచాను. సరైన అంకె 44,82,340. అలాగే 24.4 నుంచి 21.6కి రావడాన్ని '2.8 శాతం తగ్గింది' అనకూడదు, 2.8 పాయింట్లు అనాలి. శాతంలో చెబితే తగ్గుదల దాదాపు 11.5 అవుతుంది.

'బలితా' అంటే ఐదేళ్ల లోపు, 'బదుతా' అంటే రెండేళ్ల లోపు. ఈ రెండూ ఎక్కడా కలిసిపోకుండా చూశాను.

2025 ఉచిత పోషకాహార పథకానికి మొదట కేటాయించింది 71 త్రిల్యున్ రూపియా, అంటే 71 లక్షల కోట్ల రూపియా. మారకం రేటు రోజూ మారుతుంది కాబట్టి రూపాయల్లోకి మార్చలేదు. స్లైడులు చేసేవాళ్లకు 'రూపియా'ను 'రూపాయలు'గా దిద్దొద్దని దయచేసి చెప్పండి. పోయిన నెల ఒక ప్రజెంటేషన్లో అదే జరిగింది.